మద్రాసు లొంగింది 10 సెప్టెంబరా, 21 సెప్టెంబరా? 1746 తేదీల చిక్కు

అడయారు_బాట
1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసు పట్టుకోవడం, తర్వాత అడయారు యుద్ధం. ఈ రెంటికీ రోజువారీ పట్టిక తయారు చేస్తున్నాను. ఒక పుస్తకంలో కోట లొంగింది 21 సెప్టెంబరు అని ఉంది. వికీపీడియాలో అడయారు యుద్ధం 24 అక్టోబరు. ఈ లెక్కన మధ్యలో 33 రోజులు. ఇంకో పుస్తకంలో లొంగుబాటు 10 సెప్టెంబరు, అడయారు 4 నవంబరు అని చదివాను. అప్పుడు 55 రోజులు వస్తున్నాయి. క్యాలెండరు మారిందని తెలుసు గానీ అది 1582లో కదా, 1746కి దానితో ఏం సంబంధం? ఏ తేదీ తప్పో చెప్పగలరా?

లెక్కల_సుబ్బు
చాలా తేలికండీ. పాత తేదీలన్నిటికీ 11 కలిపేయడమే. 10కి 11 కలిపితే 21, సరిపోయింది. 1752లో ఇంగ్లండు 11 రోజులు ఎగరగొట్టింది. జనం «మా 11 రోజులు మాకిచ్చేయండి» అంటూ వీధుల్లో అల్లర్లు కూడా చేశారు. మీ దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకాల్లోని తేదీలన్నిటికీ 11 కలిపి పట్టిక వేసేయండి.

పాతదస్త్రం
బాట గారూ, మీరు చెప్పిన నాలుగు తేదీల్లో ఒక్కటీ తప్పు కాదు. తప్పంతా వాటిని జత కలిపిన తీరులో ఉంది.

1582లో పోపు చెప్పిన ప్రకారం పాత జూలియన్ లెక్క వదిలి కొత్త గ్రెగోరియన్ లెక్కకు మారింది స్పెయిన్, పోర్చుగల్, పోలండ్, ఇటలీలో ఎక్కువ భాగం. అక్కడ 4 అక్టోబరు గురువారం తర్వాతి రోజు 15 అక్టోబరు శుక్రవారం. ఫ్రాన్స్ అదే ఏడాది డిసెంబరులో 9వ తేదీ తర్వాత 20వ తేదీ వేసుకుంది. ఇంగ్లండు మాత్రం పోపు మాట మనకెందుకని 170 ఏళ్లు పాత లెక్కలోనే ఉండిపోయింది. అంటే 1746లో పుదుచ్చేరిలో ఫ్రెంచి గుమాస్తా 21 సెప్టెంబరు అని రాసిన రోజునే, మద్రాసులో ఇంగ్లీషు గుమాస్తా 10 సెప్టెంబరు అని రాశాడు. ఇద్దరికీ అది బుధవారమే.

ఇప్పుడు మీ సంఘటనలను రెండు వరుసల్లో పెట్టి చూడండి. ఇంగ్లీషు లెక్కలో ఫ్రెంచి దాడి మొదలైంది 7 సెప్టెంబరు, లొంగుబాటు 10 సెప్టెంబరు, ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బూర్డొనే ఓడలను చిన్నాభిన్నం చేసిన తుఫాను 2 అక్టోబరు రాత్రి, అడయారు 24 అక్టోబరు. ఫ్రెంచి లెక్కలో అవే వరసగా 18 సెప్టెంబరు, 21 సెప్టెంబరు, 13 అక్టోబరు, 4 నవంబరు. ఏ వరుసలో లెక్కపెట్టినా లొంగుబాటుకూ అడయారుకూ మధ్య 44 రోజులే. మీకు 33 వచ్చిందంటే ఫ్రెంచి లెక్క లొంగుబాటును ఇంగ్లీషు లెక్క యుద్ధంతో జత చేశారు. 55 ఇచ్చిన పుస్తకం దానికి తిరగేసి చేసింది. 44కి 11 అటూ ఇటూ. రెండు సంఘటనల మధ్య వ్యవధిలో సరిగ్గా 10 గానీ 11 గానీ తేడా కనబడితే ముందు ఈ కలగలుపునే అనుమానించాలి.

ఈ పొరపాటు మీది కాదు, మీకు అందిన పుస్తకాలది. పంతొమ్మిదో శతాబ్దంలో చరిత్ర రాసినవాళ్లు ఒక అధ్యాయానికి ఇంగ్లీషు మూలం, తర్వాతి అధ్యాయానికి ఫ్రెంచి మూలం పట్టుకుని, ఏ లెక్కో చెప్పకుండా తేదీలు దింపేశారు. ఆ తర్వాతివాళ్లు ఆ పుస్తకాలనుంచి ఏరుకున్నారు.

సుబ్బు గారూ, ఈ కేసుకు 11 సరే. కానీ «పాత తేదీలన్నిటికీ 11» అంటే కుదరదు. 1700 ఫిబ్రవరి చివరిదాకా తేడా 10 రోజులే. 1700ని పాత లెక్క లీపు సంవత్సరంగా తీసుకుంది, కొత్త లెక్క తీసుకోలేదు. అక్కడ ఇంకో రోజు పెరిగి 11 అయింది. 1800లో 12, 1900లో 13. ఇంకో సంగతి, ఇంగ్లీషు పుస్తకమైనంత మాత్రాన అందులోది ఇంగ్లీషు లెక్క అనుకోకూడదు. ఫ్రెంచి మూలం చూసి ఇంగ్లీషులో రాసిన పుస్తకంలో ఫ్రెంచి లెక్కే ఉంటుంది. దానికి మళ్లీ 11 కలిపితే లొంగుబాటు 2 అక్టోబరుకు పోయి తుఫాను రోజున కూర్చుంటుంది.

అల్లర్ల సంగతికి గట్టి ఆధారం లేదు. 1755 నాటి హోగార్త్ ఎన్నికల చిత్రంలో నేల మీద పడి ఉన్న పలకపై ఆ నినాదం కనిపిస్తుంది. దాన్ని బట్టే తర్వాతివాళ్లు వీధి పోరాటాలు ఊహించారు.

లెక్కల_సుబ్బు
10, 11 తేడా ఒప్పుకుంటాను. రష్యా విప్లవాన్ని అక్టోబరు విప్లవం అంటూ నవంబరు 7న జరుపుకోవడం ఆ 13 రోజుల లెక్కే కదా. అక్టోబరు 25కి 13 కలిపితే అదే వస్తుంది.

పాతదస్త్రం
అవునండీ, అదే.

బందరు_గాలి
మచిలీపట్నం దస్త్రాలు చూసేవాళ్లకి ఇది ఇంకా దగ్గరి సమస్య. పదిహేడో శతాబ్దంలో ఒకే ఊళ్లో డచ్చివాళ్ల కోఠీ, ఇంగ్లీషువాళ్ల కోఠీ రెండూ ఉన్నాయి. హాలండు, జీలండు రాష్ట్రాలు 1582-83 చలికాలంలోనే కొత్త లెక్కకు మారాయి కాబట్టి డచ్చి కంపెనీ ఉత్తరాలన్నీ కొత్త లెక్కలోనే ఉంటాయి. ఇంగ్లీషువాళ్లవి పాత లెక్కలో. ఒకే ఓడ రేవులోకి వచ్చిన తేదీ రెండు చోట్లా 10 రోజుల తేడాతో కనబడితే రెండు ఓడలనుకుని రాసేయడం చాలా సులువు.

రోజుల తేడా కన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది సంవత్సరం. ఇంగ్లీషువాళ్లకు 1752కి ముందు కొత్త సంవత్సరం 25 మార్చిన మొదలయ్యేది. జనవరి 1 నుంచి మార్చి 24 దాకా పాత సంవత్సరమే నడిచేది. దీనికి మద్రాసు పుట్టుకే మంచి ఉదాహరణ. దామర్ల నాయకుడు ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డేకి కోట కట్టుకోవడానికి ఇచ్చిన అనుమతికి 22 ఆగస్టు 1639 అని తేదీ చెబుతారు. డే, అతని పైఅధికారి కోగన్ ఆర్మగాన్ నుంచి, అంటే మన దుగరాజపట్నం నుంచి, మకాం ఎత్తేసి మద్రాసు చేరింది 20 ఫిబ్రవరి. ఆనాటి ఇంగ్లీషు లెక్కలో ఆ ఫిబ్రవరి కూడా 1639లోదే. ఉన్నది ఉన్నట్టు చదివితే అనుమతి రావడానికి ఆరు నెలల ముందే కోట కట్టడానికి దిగిపోయినట్టుంటుంది. నిజానికి అనుమతి తర్వాత ఆరు నెలలకు వచ్చారు. మన లెక్కలో అది 1640.

అందుకే జాగ్రత్తగా అచ్చువేసిన పుస్తకాల్లో 1639/40 అని గీత పెట్టి రెండేళ్లూ వేస్తారు. ఆ గీత ఉంటే సంవత్సరం సరిచేసినట్టే. రోజు మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంటుంది, దానికి 10 కలపాలి. 20 ఫిబ్రవరి 1639/40 కొత్త లెక్కలో 1 మార్చి 1640 అవుతుంది.

అడయారు_బాట
గీత సంగతి ఇప్పుడే తెలిసింది. ఔరంగజేబు మరణం ఒకచోట 20 ఫిబ్రవరి 1706/7 అనీ, ఇంకోచోట 3 మార్చి 1707 అనీ చూసి రెండు మతాలున్నాయనుకున్నాను. ఇదీ ఇదే బాపతా?

బందరు_గాలి
అంతే. 1700 దాటింది కాబట్టి ఇక్కడ 11 కలపాలి. రెండూ ఒకే రోజు.

కైఫీయతు_చదువరి
నాదీ ఇలాంటి సందేహమే. మా వైపు ఒక గ్రామ కైఫీయతులో శాలివాహన శకం 1668 అక్షయ సంవత్సరం మాఘ బహుళంలో ఒక తిథి, దానితో పాటు వారం కూడా ఇచ్చారు. శకానికి 78 కలిపి 1746 అని తీసుకున్నాను. 1752కి ముందు కాబట్టి తిథికి 11 రోజులు కలపాలా? కలిపితే బహుళ తిథి శుక్ల పక్షంలోకి పోతోంది.

పాతదస్త్రం
కలపకూడదండీ. జూలియన్, గ్రెగోరియన్ గొడవ పాశ్చాత్య తేదీలకు మాత్రమే. తిథి చంద్రుణ్ణి బట్టి వస్తుంది, యూరపులో ఏ శాసనం చేసినా అది కదలదు. మీ కైఫీయతు తిథిని ముట్టుకోకండి. దాన్ని ఇంగ్లీషు తేదీలోకి మార్చినప్పుడు వచ్చిన ఫలితం ఏ లెక్కలోదో మాత్రం రాసుకోండి.

సంవత్సరం దగ్గర వేరే మడత ఉంది. శకానికి 78 కలపడం ఉగాది నుంచి డిసెంబరు దాకానే చెల్లుతుంది. మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది, అప్పుడు 79 కలపాలి. మీ తేదీ 1747 తొలి నెలల్లోది. అదే సంగతిని ఆనాటి మద్రాసు గుమాస్తా రాసి ఉంటే, మార్చి 25 రాలేదు కాబట్టి, 1746 అనే వేసి ఉండేవాడు. అతనూ మీరూ ఒకే అంకె వేశారు. అతనిది అప్పటి పద్ధతి ప్రకారం సరైనది, మీరు మాత్రం ఇప్పటి పద్ధతిలో 1747 అనాలి.

గణితం_గది
పంచాంగం యాప్‌లూ వెబ్‌సైట్లూ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా సాఫ్ట్‌వేర్లు గ్రెగోరియన్ లెక్కనే వెనక్కి సాగదీస్తాయి. 1582కి ముందు కూడా అదే లెక్క ఉన్నట్టు నటిస్తాయి. పైథాన్ కూడా అంతే. మద్రాసు లొంగిన 10 సెప్టెంబరు 1746ని అలాగే ఇస్తే శనివారం అంటుంది. అది బుధవారమని పైన వచ్చింది కదా. పాత లెక్క తేదీని ముందు రోజుల వరుస సంఖ్యగా మార్చి, అక్కణ్ణుంచి కొత్త లెక్కలోకి దించాలి.

```python
from datetime import date

def julian(y, m, d):
    a = (14 - m) // 12
    yy, mm = y + 4800 - a, m + 12*a - 3
    n = d + (153*mm + 2)//5 + 365*yy + yy//4 - 32083
    return date.fromordinal(n - 1721425)

print(date(1746, 9, 10).strftime("%A"))   # Saturday
print(julian(1746, 9, 10))                # 1746-09-21
print(julian(1746, 9, 10).strftime("%A")) # Wednesday
```

ఇందులో ఇచ్చే సంవత్సరం జనవరితో మొదలయ్యేదై ఉండాలి. 1639/40 లాంటిదైతే 1640 ఇవ్వాలి. ఆ పని ప్రోగ్రాము చేయదు.

జావాలో పాత `GregorianCalendar` తరగతి 15 అక్టోబరు 1582 దగ్గర తనే లెక్క మార్చుకుంటుంది. అది రోముకు సరిపోతుంది గానీ మద్రాసుకు సరిపోదు. 1746 తేదీ ఏదిచ్చినా కొత్త లెక్కదేననుకుంటుంది. లినక్స్‌లో `cal 9 1752` కొట్టి చూడండి, అది ఇంగ్లండు మార్పును పాటిస్తుంది:

```
   September 1752
Su Mo Tu We Th Fr Sa
       1  2 14 15 16
17 18 19 20 21 22 23
24 25 26 27 28 29 30
```

2వ తేదీ బుధవారం, వెంటనే 14వ తేదీ గురువారం. అంకెలు గెంతాయి, వారం గెంతలేదు. మన చేతిలో ఉన్న గట్టి పరీక్ష అదే. దస్త్రంలో వారం పేరు ఉంటే తేదీని రెండు లెక్కల్లోనూ వేసి, ఏది వారంతో కలుస్తుందో చూడాలి. 10 రోజుల తేడాకు వారం మూడు రోజులు జరుగుతుంది, 11కి నాలుగు. రెండూ ఒకే వారానికి పడే ప్రమాదం లేదు.

కైఫీయతు_చదువరి
అయితే నేను వాడిన సైటు ఇచ్చింది కొత్త లెక్క, లైబ్రరీలో చూసిన పాత పట్టికల పుస్తకం ఇచ్చింది పాత లెక్క అన్నమాట. రెంటికీ సరిగ్గా 11 రోజుల తేడా ఉంది. వారం మాత్రం రెంటిలోనూ ఒకటే.

గణితం_గది
వారం కలిసిందంటే రెండూ ఒకే రోజును చూపిస్తున్నాయి. నిశ్చింతగా ఉండండి.

1746 సంగతికి తిథితో కూడా ఒక పరీక్ష ఉంది బాట గారూ. కోట లొంగిన నాడు శుక్ల పక్షం, మొదటి సగం. యాప్‌లో పాత లెక్క తేదీని మార్చకుండా 10-09-1746 అని కొడితే బహుళ పక్షం చూపిస్తుంది. పక్షమే తిరగబడుతుంది కాబట్టి, ఆ రాత్రుల వెన్నెల గురించి ఏ మూలంలోనైనా ఒక్క ముక్క ఉన్నా తేడా పట్టుకోవచ్చు.

లెక్కల_సుబ్బు
తళ్లికోట యుద్ధం 23 జనవరి 1565 అని అందరూ రాస్తారు. అది కూడా 10 కలిపి 2 ఫిబ్రవరి అని దిద్దాలా మరి?

పాతదస్త్రం
దిద్దకండి. 1582కి ముందు కొత్త లెక్క అనేదే లేదు. అప్పటి పాశ్చాత్య తేదీలన్నీ జూలియన్‌లోనే చెప్పడం చరిత్రకారుల ఆనవాయితీ. 23 జనవరి 1565 జూలియన్ లెక్కలో మంగళవారం, పుస్తకాలు చెప్పేదీ మంగళవారమే. గణితం_గది గారి మొదటి పద్ధతిలో పైథాన్‌ని అడిగితే శనివారం అంటుంది. ఆ శనివారం చూసి పుస్తకం తప్పని వ్యాఖ్యలు పెట్టేవాళ్లు కనబడుతూనే ఉంటారు. 2 ఫిబ్రవరి అన్నది గణితానికి సరైనదే గానీ, ఆ రూపంలో వేస్తే చదివేవాళ్లు ఇంకో సంఘటన అనుకుంటారు. చిక్కంతా 1582కీ 1752కీ మధ్య, రెండు లెక్కలూ పక్కపక్కన నడిచిన కాలంలోనే.

అడయారు_బాట
మరి ఆనంద రంగ పిళ్లై దినచర్య? ఆయన రాసింది తమిళంలో. నా పట్టికలో సగం ఆయన మీదే ఆధారపడి ఉంది.

పాతదస్త్రం
పుదుచ్చేరి ఫ్రెంచివాళ్లది, ఆయన వాళ్ల దుబాసీ. అందులో పాశ్చాత్య తేదీ కొత్త లెక్కలోది. పక్కనే తమిళ సంవత్సరం, నెల, తేదీ ఉంటాయి కాబట్టి నమ్మకంతో పని లేదు, సరిచూసుకోవచ్చు. దినచర్య మొదలయ్యేది 6 సెప్టెంబరు 1736, నల సంవత్సరం ఆవణి 25. ఆవణి అంటే సూర్యుడు సింహరాశిలో ఉండే నెల. ఆ కాలంలో సింహ సంక్రమణం కొత్త లెక్కలో ఆగస్టు 13 ప్రాంతంలో పడేది. అక్కణ్ణుంచి 25 రోజులు లెక్కపెడితే సెప్టెంబరు 6 దగ్గరికి వస్తాం. పాత లెక్క అయితే ఆవణి 25 ఆగస్టు 26 ప్రాంతంలో పడాలి. ఏ పేజీనైనా ఇలాగే తూచవచ్చు.

మీ పట్టికలో ప్రమాదం ఎక్కడంటే, మద్రాసు కౌన్సిలు దస్త్రాలను పిళ్లైతో పక్కపక్కన పెట్టినప్పుడు. మద్రాసు నుంచి పుదుచ్చేరి 150 కిలోమీటర్ల పైచిలుకు. పాత లెక్క తేదీని కదపకుండా ఉంచితే, మద్రాసులో జరిగిన ప్రతి సంగతీ పుదుచ్చేరికి రెండు వారాలు ఆలస్యంగా తెలిసినట్టు కనబడుతుంది. పుదుచ్చేరి గవర్నరు డ్యూప్లే అన్నీ తెలిసి తాత్సారం చేశాడనో, లా బూర్డొనే కబురు తొక్కిపెట్టాడనో లేనిపోని నింద పుడుతుంది. ఆ ఇద్దరి మధ్యా నిజంగానే తగువు ఉంది కాబట్టి అలాంటి మాట ఇట్టే నమ్మేస్తారు.

అడయారు_బాట
అయితే పట్టికంతా కొత్త లెక్కలో వేసి, ప్రతి వరుసలోనూ మూలంలో ఉన్న తేదీ మారకుండా రెండో గడిలో ఉంచుతాను. మూడో గడిలో వారం.

పాతదస్త్రం
నాలుగో గడి కూడా పెట్టండి, ఏ మూలం, ఎవరి చేతి రాత అని. లెక్క ఏదన్నది అనుమానమైతే ఆ గడి చూసే తేల్చాలి. 10/21 సెప్టెంబరు 1746 అని గీతతో రాసే పద్ధతి కూడా ఉంది, పాతది ముందు, కొత్తది తర్వాత. సంవత్సరం గీతతో కలిస్తే గందరగోళంగా ఉంటుంది గనక పట్టికలో గడులే నయం.

బందరు_గాలి
ఇక్కడే ఒక మాట. చెన్నైలో మద్రాసు దినం ఆగస్టు 22న చేస్తున్నారు. ఆ అనుమతి ఇంగ్లీషువాళ్ల కాగితంగా మనకు చేరింది కాబట్టి అది పాత లెక్కే అనుకోవాలి. అప్పుడు అసలు రోజు సెప్టెంబరు 1. మార్చాలని నా అభిప్రాయం.

పాతదస్త్రం
నేను ఒప్పుకోను. దినోత్సవం కాగితం మీది అంకెకు జరుపుకునేది. పైగా కొన్ని ప్రతుల్లో ఆ నెల జూలై అని ఉంది. నెల మీదే వాదన నడుస్తుంటే పది రోజులు జరపడం వల్ల ఒరిగేదేమిటి? శివాజీ జయంతి ఫిబ్రవరి 19 అన్నదీ పాత లెక్కే. తిథి ప్రకారం చేసేవాళ్లు వేరే రోజున చేస్తున్నారు, రెండూ నడుస్తున్నాయి.

బందరు_గాలి
నెల తేలకపోతే «సుమారు» అని వేయాలి గానీ, తెలిసిన పది రోజుల తేడాను వదిలేయడం నాకు నచ్చదు. అది అలా ఉంచండి. తరంగంబాడిలో డేనిష్‌వాళ్ల దస్త్రాలు చూసినవాళ్లెవరైనా ఉన్నారా? డెన్మార్క్ 18 ఫిబ్రవరి 1700 తర్వాత నేరుగా 1 మార్చికి పోయింది. ఆ ఉత్తర్వు ఓడ మీద ఇక్కడికి చేరడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా తరంగంబాడిలో పాత లెక్కే నడిచి ఉండాలి. అక్కడి చిట్టాలో అంకెలు గెంతిన పేజీ ఏ నెలలో ఉందో చూస్తే, 1700లో ఆ ఊరి తేదీలకు ఎక్కడిదాకా రోజులు కలపాలో తేలుతుంది.